ఒకే తల, మూడు రకాల జుట్టు

బర్గండీ వేయించుకున్నవాళ్లకి ఆరో వారం ఎలా ఉంటుందో తెలిసే ఉంటుంది. ఇంట్లో ట్యూబులైటు కింద చూసుకుంటే జుట్టు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తలంటుకుని డాబా మీద ఎండలో ఆరబెట్టుకుంటున్నప్పుడు బండారం బయటపడుతుంది. పాపిట దగ్గర నలుపు, అందులో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు. మధ్యలో ఇటుక రంగు. చివర్లకి వచ్చేసరికి ఎరుపన్నదే పోయి, రాగి రంగు మాత్రం మిగులుతుంది. మళ్లీ డై వేయించుకుందామంటే పార్లర్‌లో ఇంకో నెలైనా ఆగమంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. వేసిన ప్రతిసారీ జుట్టు కాస్త కాస్త చెడుతుంది.

ఈ మధ్యకాలాన్ని గడిపేందుకే కలర్ డిపాజిటింగ్ కండిషనర్లూ, కలర్ మాస్కులూ వచ్చాయి. మామూలు కండిషనర్‌లాగే రాసుకుని, కాసేపు ఉంచి కడిగేస్తే చాలు, వెలిసిన రంగు మళ్లీ తేరుకుంటుందని డబ్బా మీద ఉంటుంది. అది అబద్ధమేమీ కాదు. కానీ ఒకే మాస్కు ఒకరికి అద్భుతంగా పనిచేసి, పక్కింటావిడకి అసలు కనిపించకపోవడం, మూడో ఆవిడకి చివర్లు మాత్రం వంకాయ రంగుకి తిరగడం చూస్తుంటాం. అందరూ మాస్కునే తిడతారు. అసలు తేడా రాసుకున్న జుట్టులో ఉంది. ఇంకా చెప్పాలంటే, తరచూ రంగు వేయించుకునే ఒక్క తల మీదే ఆ ముగ్గురి జుట్టూ ఉంటుంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. మన కిరాణా కొట్లలో ‘హెయిర్ కలర్ షాంపూ’ పేరుతో సాచెట్లు వేలాడుతుంటాయి. పది నిమిషాల్లో తెల్ల జుట్టు నల్లబడుతుందని రాసి ఉంటుంది. పేరుకి షాంపూయే గానీ వాటిలో చాలావరకు పూర్తి స్థాయి డైలే. సాచెట్ లోపల రెండు అరలుంటాయి, లేదా రెండు ప్యాకెట్లు కలపమంటారు. రెండు వస్తువులు కలిపితేనే రంగు వచ్చేది ఏదైనా మనం మాట్లాడుకునే మాస్కు కాదు. ‘అమ్మోనియా లేదు’ అన్న మాటనీ నమ్ముకోకూడదు. అమ్మోనియా బదులు దాని బంధువుని ఇంకొకదాన్ని వేసి, పెరాక్సైడ్ కలిపే డైలు బోలెడున్నాయి. నిజమైన డిపాజిటింగ్ మాస్కు ఒకే డబ్బాలో ఉంటుంది, దేంతోనూ కలపక్కర్లేదు, మూత తీయగానే రంగు రంగుగానే కనిపిస్తుంది. వెనక చిన్న అక్షరాల్లో బేసిక్ రెడ్ 51, బేసిక్ రెడ్ 76, బేసిక్ బ్లూ 99, బేసిక్ ఆరెంజ్ 31 లాంటి పేర్లో, హెచ్‌సీ అన్న అక్షరాలతో మొదలయ్యే రంగుల పేర్లో ఉంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్న మాట ఎక్కడా ఉండదు.

ఈ పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు గానీ, వాటి వెనకున్న తేడా తెలిస్తే తక్కినదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పార్లర్‌లో వేసే పెర్మనెంట్ డైలో నిజానికి వేసేటప్పుడు రంగు ఉండదు. రంగులేని చిన్న చిన్న అణువులు, క్షారం వల్ల ఉబ్బిన వెంట్రుకలోకి దూరి, లోపల పెరాక్సైడ్‌తో కలిసి ఒకదానికొకటి అతుక్కుని పెద్ద రంగు అణువులవుతాయి. పెద్దవయ్యాక వచ్చిన దారిన బయటికి రాలేవు. అందుకే అది నెలల తరబడి నిలుస్తుంది. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ అనే యువ రసాయన శాస్త్రవేత్త ఈ రకం డైలు తయారుచేసి క్షౌరశాలలకి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ వ్యాపారమే తరవాత లోరియల్ అయింది. నూరేళ్లు దాటినా మూల సూత్రం పెద్దగా మారలేదు. ఇదే పెరాక్సైడ్ ఇంకో పని కూడా చేస్తుంది. జుట్టులో పుట్టుకతో ఉన్న నలుపుని కొంత తినేస్తుంది. నల్ల జుట్టు మీద బర్గండీ కనిపించేది అందుకే. ముందు నలుపు కొంత తగ్గి, ఆ చోట ఎరుపు వస్తుంది.

మాస్కులో ఉన్నది ముందే తయారైన రంగు. అది వెంట్రుక లోతుకి పెద్దగా వెళ్లదు. పైపొరకి అంటుకుంటుంది, పొర కింద కొంచెం లోపలికి జారుతుంది. ఎలా అంటుకుంటుందన్నది తెలివైన ఏర్పాటు. తడిసిన వెంట్రుక పైభాగం మీద ఋణ విద్యుదావేశం ఉంటుంది. బేసిక్ అని పేరున్న రంగులకి ధనావేశం ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కండిషనర్ జుట్టుకి పట్టేది కూడా సరిగ్గా ఈ పద్ధతిలోనే. దాన్లో జుట్టుని మెత్తబరిచే పదార్థాలకీ ధనావేశమే ఉంటుంది. అందుకే ఈ రంగులు కండిషనర్‌లో హాయిగా ఇమిడిపోతాయి. షాంపూలో అంత బాగా ఇమడవు. నురుగునిచ్చే పదార్థాలు చాలావాటికి ఋణావేశం కాబట్టి, రంగు జుట్టుని వదిలి వాటితో పోతుంది.

ఇందులోంచి రెండు సంగతులు తేలతాయి. నలుపుని తీసే పెరాక్సైడ్ మాస్కులో లేదు కాబట్టి అది జుట్టుని ఎప్పటికీ తేలిక చేయలేదు. ఉన్న రంగు మీద ఇంకొంత రంగు చేర్చడమే దాని పని. రెండోది, వెంట్రుక పైపొర ఎంత చెడితే దాని మీద ఋణావేశం అంత పెరుగుతుంది, రంగు అంత ఎక్కువగా పట్టుకుంటుంది. కొత్తగా మొలిచిన వెంట్రుక మీద సహజంగా ఒక కొవ్వు పొర ఉంటుంది. నీళ్లని కూడా త్వరగా పట్టనివ్వదు. ఒక్కసారి డై వేస్తే ఆ పొర చాలావరకు పోతుంది. మగ్గం మీంచి దిగిన కోరా గుడ్డ రంగులో ముంచితే సరిగా పట్టదు, ఉతికి గంజి వదలగొట్టాకే పడుతుంది కదా, ఇదీ అలాంటిదే.

ఇప్పుడు ఆ ఎండలో ఆరబెట్టుకుంటున్న తల దగ్గరికి వద్దాం. నలభై రెండేళ్ల మనిషి అనుకుందాం. పుట్టుకతో నల్ల జుట్టు, కణతల దగ్గర నెరిసింది. భుజాలు దాటి దాదాపు 36 సెంటీమీటర్ల పొడవుంది. మూడు నెలలకోసారి బర్గండీ వేయిస్తుంది, వేయించిన ప్రతిసారీ కుదుళ్లతో పాటు చివరిదాకా రంగు లాగేస్తారు. జుట్టు సుమారుగా నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఆవిడ జుట్టు చివర మూడేళ్ల కిందటిది. ఆ చివరకి ఈపాటికి పది పన్నెండు సార్లు డై పడింది. మధ్యలో జడ రబ్బరు పెట్టుకునే చోట ఐదారుసార్లు పడింది. పాపిట దగ్గరి సెంటీమీటరున్నరకి ఒక్కసారి కూడా పడలేదు.

ఎర్ర మాస్కు తెచ్చి ఈ తలంతటికీ ఒకేలా రాసి, పదిహేను నిమిషాలు ఉంచి కడిగితే ఏమవుతుందో ముందే చెప్పొచ్చు. మధ్య భాగం చక్కగా తేరుకుంటుంది. అక్కడ వెలిసిన ఇటుక రంగు కింద ఇంకా కొంత ఎరుపు ఉంది, దాని మీద కొత్త ఎరుపు కూర్చుంటే పార్లర్ నుంచి వచ్చిన మొదటి వారంలోలా కనిపిస్తుంది. మాస్కు డబ్బా మీద బొమ్మలో చూపించే ఫలితం ఇదే. చివర్లు మాత్రం అవసరానికి మించి తాగేస్తాయి. నీడలో దాదాపు నల్లగా, ఎండలో మరీ ఊదాగా కనిపిస్తాయి. కుదుళ్ల దగ్గరి నల్ల జుట్టు మీద ఏ మార్పూ తెలియదు. రంగు అంటుకోలేదని కాదు, నలుపు మీద ఎరుపు కంటికి ఆనదు. ఇక తెల్ల వెంట్రుకలు లేత గులాబీకి తిరుగుతాయి.

ఈ చివరి సంగతే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది, కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. చాలామంది మాస్కు కొనేది రెండు టచప్‌ల మధ్య నెరిసిన కుదుళ్లు కనిపించకుండా ఉంటాయన్న ఆశతో. ఆ పని మాస్కు చేయలేదు. తెల్ల వెంట్రుకలో దాచుకోవడానికి రంగేమీ లేదు. పైగా కొత్తగా మొలిచింది కావడంతో కొవ్వు పొర గట్టిగా ఉండి, రంగుని పైపైనే పట్టనిస్తుంది. నల్ల వెంట్రుకల మధ్య తెల్లది ఒక్కొక్కటిగా ఉంటే, గోధుమ రంగు మాస్కు దాన్ని కాస్త మసక చేస్తుంది. కణతల దగ్గర గుత్తిగా నెరిసి ఉంటే ఎర్ర మాస్కుకి గులాబీ రంగు పాయ, గోధుమ మాస్కుకి పల్చటి మట్టి రంగు పాయ తేలుతుంది. రెండు మూడు తలంట్లకి అదీ పోతుంది. నన్నడిగితే, నెరుపు దాచుకోవాల్సినవాళ్లు మాస్కు జోలికి పోకుండా పాపిట మీద అద్దుకునే రూట్ పౌడరో, స్ప్రేనో వాడుకోవడం నయం. వాటి పని ఒక్కపూటదే అయినా, చేస్తామన్నది చేస్తాయి. లేదా పార్లర్‌లో కుదుళ్లకి మాత్రం టచప్ చేయించుకుని, మధ్యకీ చివర్లకీ డై ముట్టించకుండా మాస్కుతో సరిపెట్టుకోవాలి. నా లెక్కలో ఈ మాస్కుల వల్ల ఒరిగే అసలు లాభం ఇదే. పన్నెండుసార్లు డై తిన్న చివర్లకి పదమూడోసారి తప్పుతుంది.

మరి అదే తలకి సరిగ్గా రాయడం ఎలా? మొదట మెడ వెనక, పై జుట్టు కప్పేసే చోటి నుంచి ఒక సన్నని పాయ తీసుకుని దాని మీద పరీక్ష చేయాలి. పాయ మధ్యకీ, చివరకీ రాసి ఐదు నిమిషాలకి చివర కడిగి, పది నిమిషాలకి మధ్య కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి జుట్టు ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది, కాబట్టి ఆరకుండా తీర్పు చెప్పకూడదు. ఆరాక పగటి వెలుగులో చూస్తే ఎక్కడికి ఎంతసేపు ఉంచాలో ఆ పాయే చెప్పేస్తుంది. బద్ధకించి చాలామంది వదిలేసే పని ఇదే.

రాసే రోజున తలకి నూనె ఉండకూడదు. ముందురోజు రాత్రి కొబ్బరినూనె పెట్టుకుని, పొద్దున్నే ఒక్కసారి షాంపూతో సరిపెడితే జిడ్డు పూర్తిగా పోదు, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. షాంపూ చేశాక మామూలు కండిషనర్ రాయకూడదు. రంగు పట్టుకోవాల్సిన చోట్లని అది ముందే ఆక్రమిస్తుంది. తువ్వాలుతో నీళ్లు ఓడకుండా ఒత్తుకుంటే చాలు. నీళ్లు కారుతుంటే మాస్కు పల్చబడి, సగం మెడ మీదుగా జారిపోతుంది. నుదుటి అంచుకీ, చెవులకీ వాజిలిన్ పూసి, చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, పోయినా బాధలేని పాత నైటీ వేసుకుని కూర్చోవాలి. ఈ రంగులకి మన గోళ్లూ జుట్టూ ఒకటే.

ఈ పొడవుకి యాభై అరవై గ్రాముల మాస్కు సరిపోతుంది. జుట్టుని నాలుగు పాయలు చేసి, మొదట మధ్య భాగానికి, అంటే చెవి కింది నుంచి చివరికి నాలుగు వేళ్ల పైదాకా, చిక్కగా రాయాలి. పెద్ద పళ్ల దువ్వెనతో ఒకసారి దువ్వితే సమంగా పరుచుకుంటుంది. చివర్లకి అదే మాస్కుని, రంగులేని తెల్ల కండిషనర్ సమంగా కలిపి పల్చన చేసి ఉంచుకోవాలి. మధ్య భాగం మీద పది నిమిషాలు గడిచాక, ఆఖరి మూడు నాలుగు నిమిషాలే చివర్లకి రాయాలి. కుదుళ్ల నల్ల జుట్టుకి రాయడం దండగ. మాడుకి రంగు పట్టడం తప్ప లాభం లేదు. తరవాత చల్లని, లేదా గోరువెచ్చని నీళ్లతో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. షాంపూ వద్దు. రంగు నీళ్లు బాత్రూమ్ టైల్స్ మధ్య సిమెంటు గీతల్లోకి దిగకముందే బకెట్ నీళ్లు గుమ్మరించడం మరిచిపోకూడదు. తెల్ల పాలరాయి ఉన్నవాళ్లు పెరట్లో కడుక్కోవడం మేలు.

ఇలా పట్టించిన రంగు ఎన్నాళ్లుంటుంది? లెక్క రోజుల్లో కాదు, తలంట్లలో చూడాలి. కండిషనర్ రకానివి మూడు నాలుగు తలంట్ల తరవాత తగ్గుముఖం పడతాయి. చిక్కటి మాస్కులు బాగా రంగు తాగే జుట్టు మీద ఎనిమిది, పది తలంట్లదాకా కనిపిస్తాయి. వారానికి రెండుసార్లు తలంటుకునే ఇంట్లో నెల అన్నమాట. లోపల బంధించబడని రంగు కాబట్టి నీళ్లతో, చెమటతో, నూనెతో కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది. మే నెలలో విజయవాడలో తెల్ల బ్లౌజు వేసుకుని బయటికెళ్తే మెడ వెనక గులాబీ మరక తప్పదు. మొదటి రెండు రోజులూ తలగడ మీద ముదురు రంగు గలీబు వేసుకోవాలి. తలకి నూనె పట్టించి రాత్రంతా ఉంచే అలవాటున్నవాళ్లకి ఈ రంగు తక్కినవాళ్ల కంటే ముందే పోతుంది. వానాకాలంలో పెళ్లికి పట్టుచీర కట్టుకునేవాళ్లు ముందురోజు మాస్కు వేసుకోవాలన్న ఆలోచన వాయిదా వేసుకోవడం ఉత్తమం.

బోరు నీళ్ల సంగతి కూడా ఒక మాట. హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో బోరు నీళ్లు గట్టి నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం జుట్టు మీద పేరుకుని రంగుని మందకొడిగా, మెరుపు లేకుండా చేస్తాయి. మాస్కు పట్టడం లేదనుకుని వారం వారం కొత్త పొర వేసేవాళ్లలో కొందరికి అసలు చిక్కు ఈ పేరుకున్నదే. గట్టి నీళ్ల కోసం అమ్మే కిలేటింగ్ షాంపూతో ఒకసారి తలంటి, తరవాత మాస్కు వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

ఎరుపు విషయంలో మాస్కులు సుఖంగా పనిచేస్తాయి. వెలిసిన జుట్టులో మిగిలేది ఎలాగూ వేడి రంగే కాబట్టి, దాని మీద ఎరుపు చక్కగా కలిసిపోతుంది. చిక్కు వచ్చేది క్యారమెల్, యాష్ బ్రౌన్ హైలైట్లు వేయించుకున్నవాళ్లకి. నల్ల జుట్టుని బ్లీచ్ చేస్తే నలుపు పోయే క్రమంలో ముందు ఎరుపు, తరవాత నారింజ, ఆ తరవాత పసుపు తేలుతుంది. పార్లర్‌లో దాని మీద టోనర్ వేసి నారింజని అణుస్తారు. నెల తిరిగేసరికి టోనర్ పోయి, కింది నారింజ మళ్లీ పైకి వస్తుంది. ఇక్కడ మాస్కు పని రంగు చేర్చడం కన్నా ఎదురు రంగుతో కొట్టివేయడం. నారింజకి నీలం ఎదురు. పసుపుకి ఊదా ఎదురు.

జనం పొరపడేది ఇక్కడే. సినిమా తారల ప్రకటనల్లో చూసి ఊదా రంగు కండిషనర్ కొంటారు. అది లేత పసుపు దాకా తేలిక చేసిన జుట్టుకి ఉద్దేశించింది. మన జుట్టు మీద హైలైట్లు మామూలుగా అంతదూరం వెళ్లవు. నారింజ దగ్గరే ఆగుతాయి. దాని మీద ఊదా వేస్తే పెద్దగా ఏమీ కాదు, డబ్బులు పోతాయంతే. దీనికి తిరగేసిన తప్పు మాత్రం తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. హైలైట్ల చివర్లు పసుపుగా ఉండి, పై భాగం నారింజగా ఉన్నప్పుడు మొత్తానికి నీలం మాస్కు వేస్తే, పైన చక్కటి బ్రౌన్ వచ్చి, కింద పసుపూ నీలమూ కలిసి పాచి పచ్చగా తేలుతుంది. గోడకి తెల్ల కాగితం పెట్టి దాని పక్కన పాయ పట్టుకుని చూస్తే అది నారింజా, పసుపా అన్నది తెలుస్తుంది. అద్దంలో, పసుపు బల్బు వెలుతురులో ఎంత చూసినా తెలియదు.

ఇంట్లో గోరింటాకు పెట్టుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. గోరింటాకులోని రంగు జుట్టులోని ప్రొటీన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, తేలిగ్గా వదలదు. గోరింటాకుతో నారింజకి తిరిగిన తెల్ల వెంట్రుకల మీద నీలం మాస్కు వేస్తే నారింజ ఘాటు తగ్గి కాస్త గోధుమకి దిగుతుంది. అది నాలుగైదు తలంట్లకే. నీలం పోయాక కింద నారింజ అలాగే ఉంటుంది.

అతి వాడకం గురించి హెచ్చరించాల్సింది ఒక్కటుంది. తక్కువ హాని చేసేదే కదా అని ప్రతి తలంటుకీ వాడేవాళ్లున్నారు. దిగిపోయేదానికన్నా చేరేది ఎక్కువైతే రంగు వారం వారం ముదురుతూ పోతుంది. ముదరడం మధ్యలో కన్నా చివర్లలో ముందు కనిపిస్తుంది. చివర్లు వెలుగులో కూడా మెరవకుండా చీకటిగా తేలుతున్నాయంటే ఆపాల్సిన సమయం వచ్చిందని గుర్తు. అప్పుడు చేయాల్సింది రెండు మూడు వారాలు మాస్కు మానేసి, గాఢంగా శుభ్రం చేసే క్లారిఫైయింగ్ షాంపూని చివర్లకి పట్టించి, గోరువెచ్చని నీళ్లతో కడుక్కోవడమే. మన కొబ్బరినూనె ఇక్కడ అక్కరకొస్తుంది. రాత్రి చివర్లకి పట్టించి పొద్దున్నే తలంటితే కొంత రంగుని లాక్కుపోతుంది. ముదిరిన రంగు మీద కంగారుపడి ఇంట్లో బ్లీచ్ పౌడరు కలిపేవాళ్లు మాత్రం చివర్లని కత్తెరకి అప్పగించడానికి సిద్ధపడాలి.

డై పడక దురద, వాపు వచ్చి, మాస్కులకి మారుతున్నవాళ్లూ పెరుగుతున్నారు. పెర్మనెంట్ డైల అలర్జీకి ముఖ్య కారణం పారాఫినిలీన్ డయమిన్. అందరూ పీపీడీ అంటారు. చాలా డిపాజిటింగ్ మాస్కుల్లో అది ఉండదు. అయినా పీపీడీ పడనివాళ్లకి దాని రసాయన బంధువులైన కొన్ని రెడీమేడ్ రంగులు కూడా పడకపోవచ్చు. బేసిక్ రంగులకీ అలర్జీలు వచ్చిన సందర్భాలు చర్మ వైద్యులు నమోదు చేశారు. కాబట్టి చెవి వెనక చిటికెడు రాసి, రెండు రోజులు చూసుకుని గానీ తలకి పెట్టకూడదు. ఒకప్పుడు డై వేసి ముఖం వాచినవాళ్లు ఈ పరీక్ష కూడా సొంతంగా చేసుకోకుండా చర్మ వైద్యుల దగ్గరే చేయించుకోవాలి.

ఇక పార్లర్‌కి తిరిగి వెళ్లే రోజు. కుదుళ్లకి టచప్ వరకే అయితే మాస్కు అవశేషాలతో పెద్ద ఇబ్బంది లేదు. కానీ ఈసారి హైలైట్లు వేయిద్దాం, బర్గండీ మానేసి తేలిక రంగుకి మారదాం అనుకుంటే, మాస్కు సంగతి కుర్చీలో కూర్చోగానే చెప్పాలి. “తలకేమన్నా పెట్టారా అక్కా?” అని అడిగితే, మాస్కు డై కాదు కదా అని “ఏం పెట్టలేదమ్మా” అనేస్తాం. బ్లీచ్ వేశాక నారింజ వస్తుందనుకున్న చోట గులాబీయో, ఆకుపచ్చో పైకి తేలితే ఆ అమ్మాయికి కారణం తెలియదు. ఇంకోసారి బ్లీచ్ కలుపుతుంది. రెడీమేడ్ రంగుల్లో కొన్ని, ముఖ్యంగా నీలం రకాలు, బ్లీచ్‌కి పూర్తిగా లొంగవు. సగం కరిగి ఆకుపచ్చగా మిగిలిపోతాయి. ఎరుపు కూడా ఒక్కోసారి బ్లీచ్ వేశాక లేత గులాబీగా మొండికేస్తుంది. అందుకే తేలిక రంగుకి మారాలనుకున్నవాళ్లు కనీసం మూడు నాలుగు వారాల ముందే మాస్కు ఆపేసి, వారానికోసారి క్లారిఫైయింగ్ షాంపూ వాడాలి. వెళ్లేటప్పుడు ఆ డబ్బాని ఫోన్‌లో ఫోటో తీసి పట్టుకెళ్లాలి, ముందు వైపు కాదు, వెనక రంగుల పేర్లున్న వైపు. పని తెలిసిన కలరిస్టు అది చూసి ముందు ఒక్క పాయ మీద బ్లీచ్ వేసి చూస్తుంది. ఆ పాయ ఆకుపచ్చకి తిరిగితే, ఆ రోజుకి హైలైట్లు వద్దని ఆవిడే చెబుతుంది.